స్టేటస్ తీసేశాక మేనేజర్‌కు రాసే నాలుగు ముక్కలు

శనివారం రాత్రి పదకొండు కావస్తోంది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్ చూసే అమ్మాయికి ఫోన్ వచ్చింది, రేపు కూడా డ్యూటీకి రావాలని. వరసగా మూడో ఆదివారం. ఒళ్లు మండిపోయి, సాయంత్రం రద్దీగా ఉన్నప్పుడు తీసిన కౌంటర్ ఫొటో ఒకటి వాట్సాప్ స్టేటస్‌గా పెట్టింది. కింద ఇలా రాసింది: "మూడు వారాలుగా వీక్లీ ఆఫ్ లేదు. మా సారు మాత్రం ఆదివారం వస్తే రిసార్ట్‌లో. ఇక్కడ అందరూ పేషెంట్ దగ్గర బిల్లు పిండడానికే ఉన్నారు. మనం మనుషులమా, మెషీన్లమా?"

పొద్దున ఆరుంపావుకు లేచి చూసుకుని తీసేసింది. అప్పటికే ఎవరో స్క్రీన్‌షాట్ తీసి స్టాఫ్ గ్రూప్‌లో పడేశారు. మేనేజర్ కూడా చూసే ఉంటాడు. ఆయన ఇంకా ఏమీ అనలేదు. ఇప్పుడు ఆయనకు ఏమని రాయాలి?

ఇది ఏ ఒక్క ఆసుపత్రిలోనో జరిగిన సంగతి కాదు. చాలా ఆఫీసుల్లో, షోరూముల్లో, స్కూళ్లలో జరిగేదాన్ని కలిపి కూర్చిన ఉదాహరణ. పెద్ద ఉత్తరం అవసరం లేని సందర్భం ఇది. ఏడెనిమిది వాక్యాలు చాలు. అంత చిన్న చీటీ రాయడంలోనే ఎక్కువమంది తడబడతారు. కొందరు చేయని తప్పులు కూడా ఒప్పేసుకుంటారు, ఇంకొందరు అన్నీ రాసి అసలు చేసింది రాయరు.

రాసే ముందు చేయాల్సిన పని ఒకటుంది. భయం కొద్దీ ముందు డిలీట్ కొట్టేస్తాం, అది సహజం. డిలీట్ చేసేముందు ఒక్క నిమిషం ఆగి, కింద కన్ను గుర్తు నొక్కి, ఎంతమంది చూశారో, ఎవరెవరు చూశారో చూసుకోవాలి. స్టేటస్ పోతే ఆ జాబితా కూడా పోతుంది. తర్వాత మేనేజర్ అడిగితే "ఓ పదిమంది చూసుంటారండీ" అని ఊహించి చెప్పాల్సి వస్తుంది. ఆ పదిమంది తర్వాత అరవై అని తేలితే, పోస్ట్ కంటే ఈ అబద్ధమే పెద్దదవుతుంది. మన ఉదాహరణలో ఆ అమ్మాయి చూసుకుంది, 47 మంది. అదైనా కచ్చితమైన లెక్క కాదు. చదివినట్టు తెలిపే నీలం టిక్కులు ఆపేసుకున్నవాళ్ల పేర్లు ఆ జాబితాలో కనపడవు. కాబట్టి "కనీసం 47 మంది" అనడమే నిజం. పోస్ట్‌లో రాసిన మాటలను కూడా ఉన్నవి ఉన్నట్టు ఒకచోట రాసి పెట్టుకోవాలి. నాలుగు రోజులయ్యాక మనం అన్న మాటలు మన జ్ఞాపకంలో మెత్తబడిపోతాయి. స్క్రీన్‌షాట్‌లో మాత్రం మెత్తబడవు.

"తీసేశాను" అనే మాటకూ కొంచెం జాగ్రత్త కావాలి. వాట్సాప్ స్టేటస్ ఎటూ 24 గంటల్లో పోయేదే. తీసేశామంటే అంతకంటే ముందే తీసేశామని అర్థం, అందుకే సమయం రాయాలి. ఫేస్‌బుక్‌లో పోస్టును ఆర్కైవ్‌లో పెట్టడం వేరు, తీసేయడం వేరు. ఆర్కైవ్ చేస్తే ఇతరులకు కనపడదు గానీ ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ బయటకు తెచ్చుకోవచ్చు. డిలీట్ చేసింది కూడా 30 రోజులు ట్రాష్‌లోనే ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ దాదాపు ఇదే పద్ధతి. ఆర్కైవ్‌లో పెట్టి తీసేశానని రాస్తే అది సగం అబద్ధమే. గ్రూప్‌లో ఎవరో పెట్టిన స్క్రీన్‌షాట్ మన చేతిలో లేదు. పెట్టినవాళ్లు 'అందరికీ తొలగించు' అనే అవకాశం వాడుకోవచ్చు. అయితే వాళ్లకు దానికి రెండు రోజుల పైచిలుకే గడువు ఉంటుంది. గ్రూప్ అడ్మిన్‌కు మాత్రం ఇతరులు పెట్టిన మెసేజ్ తీసేసే అధికారం ఉంది. చాలామంది దీన్ని మరిచిపోయి, పెట్టినవాళ్లతో గొడవకు దిగుతారు. దాంతో గ్రూప్‌లో చూడనివాళ్లు కూడా ఏంటా అని పైకి స్క్రోల్ చేసి చూస్తారు. అడ్మిన్‌కు విడిగా ఒక్క మెసేజ్ పెడితే పని అయిపోయేది.

ఇక రాయడం. ఆ అమ్మాయి ఆదివారం పొద్దున మొదట రాసుకున్నది ఇది:

"రెస్పెక్టెడ్ సర్, నిన్న స్టేటస్ విషయంలో పొరపాటు జరిగింది. నా ఉద్దేశం ఎవరినీ కించపరచడం కాదు. మీ మనసు నొచ్చుకుని ఉంటే క్షమించగలరు. వరసగా డ్యూటీలు పడటంతో బాగా స్ట్రెస్‌లో ఉన్నాను, ఆ సమయంలో ఏం చేస్తున్నానో తెలియలేదు. అందరూ ఇలాంటివి పెడుతూనే ఉంటారు కానీ నా దాన్నే ఎవరో పనిగట్టుకుని పెద్దది చేశారు. ఇకమీదట ఎలాంటి తప్పూ చేయను. దయచేసి నా ఉద్యోగం తీయొద్దు. మీ కాళ్లు పట్టుకుంటాను సర్."

చదివితే జాలేస్తుంది. చదివే మేనేజర్‌కు మాత్రం ఏం జరిగిందో ఇందులో ఒక్క ముక్క తెలియదు. ఏ స్టేటస్, ఏముంది అందులో, ఇప్పుడు ఉందా తీసేశారా, ఎవరు చూశారు, ఏదీ లేదు. "పొరపాటు జరిగింది" అన్నప్పుడు వర్షం పడింది అన్నంత అమాయకంగా ఉంటుంది. ఎవరు చేశారో అందులో లేదు. "నొచ్చుకుని ఉంటే" అన్నది ఇంకా చెడ్డది. నొచ్చుకోవడం ఆయన ఇష్టం అన్నట్టుంది. స్ట్రెస్ గురించి రాసింది నిజమే కావచ్చు, కానీ అది సంజాయిషీ. సంజాయిషీ అడిగినప్పుడు ఇవ్వాలి. స్క్రీన్‌షాట్ పంచినవాళ్ల మీద నెపం వేయగానే, మేనేజర్ దృష్టి క్షమాపణ మీంచి ఆ గొడవ మీదికి పోతుంది. చివరి రెండు వాక్యాలు మరీ ప్రమాదం. ఉద్యోగం పోయేంత తప్పు చేశానని తనంత తానే రాసిచ్చినట్టయింది. ఆయన మనసులో ఆ ఆలోచన ఉందో లేదో మనకు తెలియదు, లేకపోతే మనమే పెట్టినవాళ్లమవుతాం.

అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయ్ లెవికీ, మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి 2016లో క్షమాపణల మీద ఒక అధ్యయనం ప్రచురించాడు. క్షమాపణలో ఉండే అంశాలను ఆరుగా విడదీసి, వేటికి ఎంత బలం ఉందో వందలమందిని అడిగి చూశారు. అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది తప్పు తనదేనని ఒప్పుకోవడం. దాని తర్వాత, చెడినదాన్ని సరిచేస్తానని చెప్పడం. అన్నిటికంటే తక్కువ పనిచేసింది "నన్ను క్షమించండి" అని వేడుకోవడం. మనం చీటీలో ముప్పావు వంతు ఆ చివరి దానికే ఖర్చుపెడతాం. అది అమెరికా అధ్యయనమే, మన ఆఫీసుల్లో పెద్దవాళ్ల ముందు వంగి మాట్లాడే అలవాటు వేరు, ఒప్పుకుంటాను. అయినా మన మేనేజర్లు కూడా ముందు తెలుసుకోవాలనుకునేది ఒకటే: ఇప్పుడు నేను పైవాళ్లకు ఏం చెప్పాలి? చీటీలో దానికి జవాబు ఉండాలి.

ఆ అమ్మాయి పోస్టును వాక్యం వాక్యంగా విడదీస్తే దారి కనపడుతుంది. అందులో నాలుగు వేర్వేరు సంగతులున్నాయి. మూడు వారాలుగా వీక్లీ ఆఫ్ లేదన్నది నిజం. దానికి క్షమాపణ చెప్పక్కర్లేదు, చెప్పకూడదు కూడా. బయట చెప్పిన తీరు తప్పు కావచ్చు గానీ, సంగతి తప్పు కాదు. సారు రిసార్ట్‌లో ఉన్నారన్నది తనకు తెలిసింది కాదు, ఎవరి ఫొటోలోనో చూసి ఊహించుకున్నది. ఆయన ఆ ఆదివారాల్లో ఎక్కడున్నాడో ఆమెకు తెలియదు. ఈ మాట వెనక్కి తీసుకోవాల్సిందే. బిల్లు పిండుతారన్నది ఆసుపత్రి మీద ఆరోపణ, దానికి తన దగ్గర ఒక్క కాగితం లేదు, అదీ వెనక్కి తీసుకోవాలి. నాలుగోది రాతలో లేదు, ఫొటోలో ఉంది. కౌంటర్ మీద తెరిచి ఉన్న ఒక ఫైలు అట్ట మీద పేషెంట్ పేరు, వార్డు స్పష్టంగా కనపడుతున్నాయి. ఆమె అసలు అది గమనించనే లేదు. ఆసుపత్రిలో ఎవరినైనా అడగండి, ఈ నాలుగింటిలో పెద్ద తప్పు ఏదని. మేనేజర్‌కు రిసార్ట్ మాట తగులుతుంది, కానీ ఆయన పై అధికారికి ఫోన్ చేయాల్సి వచ్చేది మాత్రం పేషెంట్ పేరు వల్ల.

ఫొటో సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. బ్యాంకులో కంప్యూటర్ తెర మీది ఖాతా, స్కూల్లో బోర్డు మీది మార్కుల పట్టిక, ఫ్యాక్టరీలో వెనకాల కనపడే కొత్త మోడల్. కోపంతో ఫొటో తీసేవాళ్లు మధ్యలో ఉన్నది చూస్తారు, మూలల్లో ఉన్నది చూడరు. డిలీట్ చేశాక చీటీ రాసేముందు ఆ ఫొటోను పెద్దది చేసి నాలుగు మూలలూ చూడాలి. మనకు కనపడనిది హెచ్‌ఆర్‌కు కనపడితే, చీటీలో అది రాయకపోవడం దాచడంలాగే ఉంటుంది.

ఇప్పుడు రెండో ప్రతి:

"సార్, నమస్కారం.

నిన్న రాత్రి పదకొండింటి ప్రాంతంలో మన కౌంటర్ ఫొటో ఒకటి, దాని కింద కొన్ని మాటలు నా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. ఈ ఉదయం ఆరుంపావుకు తీసేశాను. అప్పటికి కనీసం 47 మంది చూశారు. ఫొటోలో ఒక పేషెంట్ ఫైలు మీద పేరు, వార్డు కనపడుతున్నాయి. నేను చూసుకోకుండా పెట్టాను, అది నా తప్పు. మీ ఆదివారం గురించి రాసింది నాకు తెలిసి రాసింది కాదు. బిల్లుల గురించి అన్నదానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆ రెండు మాటలూ అనకుండా ఉండాల్సింది. క్షమించండి.

స్టాఫ్ గ్రూప్‌లో ఉన్న స్క్రీన్‌షాట్ తీసేయమని అడ్మిన్‌ను అడిగాను. ఫొటో నేను విడిగా ఎవరికీ పంపలేదు. పేషెంట్ వాళ్లకు చెప్పాల్సి ఉంటే మీరు చెప్పినట్టు చేస్తాను. ఈరోజు డ్యూటీకి ముందు మీకు వీలైతే వచ్చి కలుస్తాను."

ఇంతే. ఏడుపు లేదు, పొగడ్త లేదు, "మీరు నాకు తండ్రిలాంటివారు" లేదు. ఆయన దీన్ని పైవాళ్లకు ఫార్వర్డ్ చేసినా తలవంపులు లేవు. నిజానికి ఫార్వర్డ్ చేస్తాడనే అనుకుని రాయాలి. వీక్లీ ఆఫ్ మాట ఇందులో ఎక్కడా లేదని గమనించండి. అది నిజమే కదా, దాన్నెందుకు వదిలేయాలని కొందరు అడుగుతారు. వదిలేయమని కాదు. ఇక్కడ రాస్తే పై వాక్యాలన్నీ దానికి ముందుమాటలా అయిపోతాయి. "క్షమించండి, కానీ" అనగానే చదివేవాడి కళ్లు "కానీ" దగ్గర ఆగిపోతాయి.

ఇంకో అభ్యంతరం న్యాయమైనదే. రాతలో ఇలా ఒప్పుకుంటే రేపు అదే నా మీద వాడరా? వాడొచ్చు. మనిషి రాసిచ్చిన ఒప్పుకోలు శాఖాపరమైన విచారణలో సాక్ష్యంగా ముందుకు వస్తుంది. అందుకే జరిగింది మాత్రమే రాయాలి. "క్రమశిక్షణ ఉల్లంఘించాను", "సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించాను" లాంటి మాటలు చీటీలోకి రాకూడదు. అవి జరిగిన సంగతులు కావు, విచారణ చేసేవాళ్లు తేల్చాల్సిన నేరాల పేర్లు. పరిశ్రమల కోసం 1946లో వచ్చిన నమూనా స్థాయీ ఉత్తర్వుల్లోనే క్రమశిక్షణను దెబ్బతీసే చర్యను దుష్ప్రవర్తన కింద చేర్చారు. అదే నిబంధనల్లో శిక్ష వేసేముందు తప్పు తీవ్రత, ఉద్యోగి గత రికార్డు, తప్పును తగ్గించే పరిస్థితులు కూడా చూడాలని రాశారు. వెంటనే తీసేసి, తనంత తానే వచ్చి చెప్పడం ఆ పరిస్థితుల్లో ఒకటిగా చూపుకోవచ్చు. అందుకే ఆరుంపావు అన్న సమయానికి విలువ. మేనేజర్ పిలవకముందు రాసిన చీటీకీ, పిలిచాక రాసిన చీటీకీ మాటలు ఒకటే కావచ్చు, బరువు ఒకటి కాదు.

అప్పటికే షోకాజ్ నోటీసు చేతికి వచ్చి ఉంటే మాత్రం ఈ చీటీ సరిపోదు. నోటీసుకు జవాబు వేరే కాగితం. అందులో అడిగిన ప్రతి అంశానికీ జవాబు ఉండాలి, గడువు లోపల ఇవ్వాలి. అలాంటప్పుడు యూనియన్ ఉంటే వాళ్లకో, లేకపోతే తెలిసిన లాయరుకో చూపించి ఇవ్వడం మంచిది. కొన్ని కంపెనీల్లో హెచ్‌ఆర్ వాళ్లే ఒక ఫార్మాట్ ఇచ్చి, "అపాలజీ లెటర్ ఇదిగో, సంతకం పెట్టు" అంటారు. చదవకుండా పెట్టకూడదు. అందులో మనం చేయనిది ఏదైనా ఉంటే కొట్టేసి, పక్కన ఇనీషియల్ వేసి ఇవ్వొచ్చు. ఒప్పుకోకపోతే మన మాటల్లో మనం వేరే రాసిచ్చి, ఒక కాపీ దగ్గర పెట్టుకోవాలి.

అసలు ఆఫీసు గురించి ఒక్క మాట అన్నా తప్పేనా అంటే, కోర్టులు అలా అనలేదు. తమిళనాడు గ్రామ బ్యాంకు ఉద్యోగి ఒకరు వాట్సాప్ గ్రూప్‌లో పై అధికారుల గురించి వ్యంగ్యంగా పెట్టినందుకు బ్యాంకు అభియోగ పత్రం ఇస్తే, మద్రాసు హైకోర్టు మదురై బెంచ్ 2023లో దాన్ని కొట్టేసింది. ఉద్యోగికి కడుపులోని అసంతృప్తి వెళ్లగక్కుకునే హక్కు ఉందని న్యాయమూర్తి జి.ఆర్.స్వామినాథన్ అన్నారు. అయితే ఆ మాటలు గ్రూప్ లోపల సాటి ఉద్యోగుల మధ్య నడిచినవి. మన ఉదాహరణలో స్టేటస్ చూసినవాళ్లలో ఆసుపత్రికి సంబంధం లేనివాళ్లు ఉన్నారు, పేషెంట్ పేరు ఉంది. ఆ తీర్పు చదివి ధైర్యం తెచ్చుకోవచ్చు గానీ, దాన్ని చీటీలో రాయకూడదు. క్షమాపణలో తీర్పు పెడితే అది లాయరు నోటీసులా ఉంటుంది.

చీటీ ఎక్కడ పంపాలి అన్నది చిన్న విషయంలా కనపడుతుంది. కుదిరితే ముందు ఎదురుపడి రెండు ముక్కలు చెప్పి, తర్వాత ఇది పంపడం మేలు. ఎదురుపడ్డప్పుడు చెప్పింది ఇద్దరికీ ఒకేలా గుర్తుండదు, రాత గుర్తుంచుతుంది. వాట్సాప్‌లో పంపితే ఆయనకు విడిగా పంపాలి, గ్రూప్‌లో కాదు. గ్రూప్‌లో పెడితే నలుగురి ముందు ఆయన ఏదో ఒకటి జవాబివ్వక తప్పదు. నలుగురి ముందు మేనేజర్లు ఉన్నదానికంటే కఠినంగా మాట్లాడతారు, పరువు కోసం. ఆయన గురించి రాసిన తప్పు మాట గ్రూప్‌లో తిరిగింది కాబట్టి, అక్కడ ఒక్క వాక్యం పెట్టొచ్చు: "సార్ ఆదివారం గురించి నేను రాసింది నిజం కాదు, స్టేటస్ తీసేశాను." అంతకు మించి ఒక్క మాట కూడా వద్దు. కొత్త స్టేటస్ పెట్టి అందరికీ క్షమాపణ చెప్పడం నాకు అస్సలు నచ్చదు. మొదటిది చూడని రెండొందలమంది ఏం జరిగిందని అడగడం మొదలుపెడతారు.

పంపాక జవాబు రాకపోవచ్చు. నీలం టిక్కులు పడి, బొటనవేలు గుర్తు ఒకటి వచ్చి ఊరుకోవచ్చు. చాలామంది ఆగలేక, "సార్, కోపం పోలేదా?" అని ఇంకొకటి పంపుతారు. ఆయనకు కోపం ఉందో లేదో తేల్చుకునే పని మనం ఆయన నెత్తిన పెడుతున్నామన్నమాట. ఒక్క చీటీయే పంపాలి. ఆయన అడిగితే మాట్లాడాలి. అడగకపోతే, చెప్పినట్టే డ్యూటీకి ముందు వెళ్లి కలవాలి.

వీక్లీ ఆఫ్ సంగతి వారం పది రోజులయ్యాక. దాన్ని చీటీలోనో, కలిసినప్పుడు నోటి మాటగానో ముగించకూడదు. వేరే మెయిల్, వేరే సబ్జెక్టు. ఏయే ఆదివారాలు ఆఫ్ పోయింది, ఆరోజు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి వెళ్లింది, బదులుగా ఏ రోజైనా ఆఫ్ ఇచ్చారా అన్నది తేదీలతో రాయాలి. పోయిన మూడింటికి బదులు ఆఫ్ ఇస్తారా, లేక అదనపు జీతం ఇస్తారా అని అడగాలి. వచ్చే నెల రోస్టర్ కాస్త ముందుగా ఇవ్వగలరా అని కూడా. ఆ మెయిల్లో స్టేటస్ ప్రస్తావన ఒక్కసారి కూడా రాకూడదు. మేనేజర్ దాన్ని ముందుకు తెచ్చి, "మొన్న చేసింది చాలదా?" అంటే, "అది నా తప్పు సార్, రాసిచ్చాను కదా, ఇది వేరు" అనడానికి అప్పుడు ఆమె దగ్గర కాగితం ఉంటుంది.